ఎర్ర బోర్డు హోటల్‌కు పదకొండు పేజీల ప్రపోజల్

(అనంతపురంలో స్థానిక డిజైనర్లు, ప్రింటింగ్ పనివాళ్లు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

నేను ఈరోజు రెండు ప్రపోజల్స్ తెచ్చాను. ఒకటి ఈ లాప్‌టాప్‌లో ఉంది, ముప్పై ఎనిమిది స్లైడ్లు. రెండోది ఇదిగో ఈ కాగితాలు. పదకొండు పేజీలు, మూలన పిన్ను కొట్టి ఉన్నాయి. మూడో పేజీ మీద మరక కనపడుతోంది కదా, అది ఉగ్గానితో పాటు ఇచ్చే బజ్జీ నూనె. రెండూ ఒకే హోటల్‌కు రీబ్రాండింగ్, అంటే లోగో, బోర్డు, మెనూ, బిల్లు అన్నీ కొత్తగా చేయడం కోసం, ఒకే ఓనర్ కోసం, మూడు వారాల తేడాతో చేసినవి. మొదటిదానికి ఆయన "ఆలోచించి చెప్తాలే పాపా" అన్నాడు. దానర్థం మీకందరికీ తెలుసు. రెండోదాని మీద సంతకం పెట్టాడు.

హోటల్ అసలు పేరు చెప్పను, ఆయనకు ఇష్టం లేదు. శ్రీలక్ష్మీ భోజన హోటల్ అనుకోండి. టవర్ క్లాక్ నుంచి నడిచిపోయేంత దూరం. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి మళ్లీ టిఫిను. ఇరవై రెండేళ్ల కింద ఆయన తండ్రి మొదలుపెట్టాడు. ఇప్పుడు కొడుకు ఇంజినీరింగ్ ముగించి కౌంటర్లో కూర్చుంటున్నాడు. నన్ను పిలిచింది ఆ అబ్బాయే. దుడ్లు ఇవ్వాల్సింది మాత్రం నాయన.

మొదటిసారి పోయినప్పుడు పొద్దున పదకొండు. టిఫిను అయిపోయి భోజనం ఇంకా మొదలుకాని టైము. లాప్‌టాప్ క్యాష్ కౌంటర్ మీదే పెట్టాను. వీధి వెలుతురుకు స్క్రీను సగం కనపడలేదు. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బ్రాండ్ కథ, మూడ్ బోర్డు, రంగుల పట్టిక, అక్షరాల కుటుంబం అంటూ వరసగా చెప్పుకుంటూ పోయాను. ఇరవయ్యో స్లైడు దగ్గర లోగోను ఒక తెల్ల కాఫీ కప్పు మీద, ఒక గుడ్డ సంచి మీద, ఒక ఏప్రన్ మీద వేసి చూపించాను. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ ఫొటోలే, మీరూ వాడి ఉంటారు. ఆయన కాసేపు చూసి, "ఈ కప్పులు మనం ఎప్పుడు కొన్న్యాం పాపా?" అన్నాడు. (నవ్వులు) వాళ్ల హోటల్లో కాఫీ స్టీలు గ్లాసులో ఇస్తారు. ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. కప్పులు కొనే ఖర్చు కూడా అందులో ఉందేమో అనుకున్నాడు.

తర్వాత రెండే రెండు ప్రశ్నలు అడిగాడు. "బోర్డు దీంట్లోనే వచ్చేస్తాదా?" అనేది ఒకటి. "ఉండే కవర్లు ఏం జేయల్ల?" అనేది రెండోది. ముప్పై ఎనిమిది స్లైడ్లలో ఒక్కదాంట్లో కూడా జవాబు లేదు. మన దృష్టిలో అవి ప్రింటింగువాడి సమస్యలు. ఆయన దృష్టిలో రీబ్రాండింగ్ అంటే ఆ రెండే.

ఇంటికొచ్చి రెండు రోజులు కోపంగా ఉన్నాను, ఆయన మీదే లెండి. మూడో రోజు ఆ అబ్బాయికి ఫోన్ చేసి, ఒక వారం పాటు పొద్దునపూట హోటల్లో కూర్చుంటాను, ఏమీ అమ్మను, చూస్తాను అంతే అన్నాను. సరే అక్కా రండి అన్నాడు.

ఆ వారంలో చేసిన మొదటి పని, హోటల్ పేరు ఎక్కడెక్కడ కనపడుతుందో అన్నిచోట్లా ఫోన్‌తో ఫొటో తీయడం. ముందు బోర్డు, పక్క గోడ మీద పెయింటు, మెనూ కార్డు, బిల్లు, పార్సిల్ కవరు, విజిటింగ్ కార్డు, క్యాటరింగ్ పాంప్లెట్, గూగుల్ మ్యాప్స్, రెండు డెలివరీ యాప్‌లు, క్యూఆర్ స్టాండు, ఫుడ్ లైసెన్సు, కరెంటు బిల్లు, చివరికి డెలివరీ అబ్బాయి టీషర్టు. పద్నాలుగు చోట్లు. ఇంగ్లీషులో పేరు నాలుగు రకాలుగా ఉంది. బోర్డు మీద Sri Lakshmi, మ్యాప్స్‌లో Sree Laxmi, ఒక యాప్‌లో Shri Lakshmi, బిల్లు మీద Srilaxmi. మ్యాప్స్‌లో అయితే అదే హోటల్‌కు రెండు లిస్టింగులు ఉన్నాయి. ఒకదాన్ని ఎవరో కస్టమర్ చేర్చినట్టున్నాడు, దాంట్లో మూసే టైము తప్పుంది. ఈ పద్నాలుగు ఫొటోలను ఒకే పేజీలో చిన్న చిన్నగా అతికించాను. అదే కొత్త ప్రపోజల్‌లో మొదటి పేజీ. దాని మీద నా అభిప్రాయం ఒక్క మాట కూడా రాయలేదు. తర్వాత ఆయనకు ఆ పేజీ ఇచ్చినప్పుడు, నేను నోరు తెరవకముందే కొడుకు వైపు తిరిగి "ఇదేందిరా, ఒగో తావ ఒగో తీరుగా ఉంది" అన్నాడు. సమస్యను ఆయన నోటితోనే ఆయన చెప్పుకున్నాడు.

రెండో పని ఇంకా ముఖ్యం. కౌంటర్ పక్కన కూర్చుని, జనం ఫోన్లలో ఆ చోటును ఏమని చెప్పుకుంటున్నారో విన్నాను. దొంగతనంగా వినడమే, కాదనను. "యాడుండావు?" అని అవతలివాళ్లు అడిగితే ఇవతలివాళ్లు ఏమంటారు? మూడు పొద్దున్లలో నేను విని రాసుకున్నవి ముప్పై ఒకటి. "శ్రీలక్ష్మీ" అన్నవాళ్లు నలుగురు. "ఎర్ర బోర్డు హోటల్ కాడ" అన్నవాళ్లు పంతొమ్మిది మంది. మిగతావాళ్లు పక్కనున్న మందుల షాపు పేరో, సందు పేరో చెప్పారు.

ఇప్పుడు నా మొదటి డెక్‌లో నేను సూచించిన రంగు ఏదో చెప్పనా? ముదురు ఆకుపచ్చ, మీద బంగారు గీత. చూడ్డానికి చాలా బాగుంది, ఇప్పటికీ నాకు ఇష్టమే. అది పెట్టి ఉంటే, ఇరవై రెండేళ్లుగా జనం నోట్లో ఉన్న పేరును ఒక్క రోజులో దించేసి ఉండేదాన్ని. దానికి ఆయన దగ్గర డబ్బులు కూడా తీసుకునేదాన్ని. అందుకే కొత్త ప్రపోజల్ రెండో పేజీకి "మార్చనివి" అని పేరు పెట్టాను. ఎరుపు మారదు. తెలుగు అక్షరాలు పైన, ఇంగ్లీషు కింద ఉండే వరస మారదు. పేరు మారదు. ఏం మారుస్తామో చెప్పే పేజీ దాని తర్వాతే వస్తుంది. ఆ వరస వల్ల ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను. కొత్తగా ఎవరైనా వచ్చి హోటల్ మారుస్తామంటే నాయన కట్టింది పోతుందేమోనన్న భయం ఆయనకు ముందు నుంచీ ఉంది. నేను మాత్రం దాన్ని రెండో విడతలోనే గమనించాను.

ఇంక బోర్డు సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే తెలుగు అక్షరాలతో పని చేసేవాళ్లం అందరం దెబ్బ తినేది ఇక్కడే.

వెలిగే అక్షరాల బోర్డుకు పనివాళ్లు ఇంచీ లెక్కన రేటు చెప్తారు. అక్షరం ఎత్తు ఎన్ని ఇంచీలు, ఎన్ని అక్షరాలు, ఇంచీకి ఎంత అని. నేను ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకున్నాను. ఇద్దరూ ఇంచీకి నూట యాభై రూపాయలే అన్నారు. శ్రీలక్ష్మీ మూడు అక్షరాలు, భోజన మూడు, హోటల్ మూడు, మొత్తం తొమ్మిది. ఒకరి కొటేషన్ 16,200 రూపాయలు, రెండోవారిది 27,000. రేటు ఒకటే, అక్షరాలు అవే, మరి పదివేల ఎనిమిది వందల తేడా ఎక్కడిది?

మొదటాయన "ల" అక్షరం ఎత్తును లెక్క కట్టాడు, పన్నెండు ఇంచీలు. రెండో ఆయన శ్రీ కింద ర ఒత్తు, క్ష్మీ కింద ఒత్తులు కలుపుకొని, బోర్డులో పైనుంచి కింది దాకా ఎంత వస్తుందో కొలిచాడు, ఇరవై ఇంచీలు. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు ఉంటాయి కాబట్టి ఈ గొడవ రాదు. తెలుగులో "అక్షరం ఎత్తు" అంటే ఏదో ఎవరూ ముందుగా తేల్చుకోరు. మొదటాయనను అడిగితే, "పని అయినాక కొలిచి వేస్తాంలే మేడమ్" అన్నాడు. ఆయన మోసం చేస్తున్నాడని నేననను, ఆయనకు అలవాటైన పద్ధతి అది. కానీ ఓనర్‌కు నేను 16,200 అని చెప్పి, తర్వాత 27,000 బిల్లు వస్తే మాట పోయేది నాదే. ఇంతకుముందు ఒక మిఠాయి దుకాణం పనిలో సరిగ్గా ఇలాంటి తేడానే నా జేబులోంచి పెట్టుకున్నాను. కాబట్టి ప్రపోజల్‌లో నాలుగో పేజీ మొత్తం ఒకే బొమ్మ. పేరు రాసి, పక్కన స్కేలు గీసి, ఒంటి అక్షరం ఎత్తు 12, ఒత్తుతో కలిపి 20, రేటు దేనికో బాణం గుర్తుతో చూపించాను.

పన్నెండే ఎందుకు అని మీరు అడగాలి. బోర్డు పనివాళ్లకు ఒక మోటు లెక్క ఉంది. అక్షరం ఒక ఇంచీ ఎత్తుంటే పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చు. రోడ్డుకు అవతలి పక్క నుంచి మా బోర్డుకు డెబ్బై అడుగులు. ఆ లెక్కన ఏడు ఇంచీలు చాలు. కానీ ఆ లెక్క ఇంగ్లీషు అక్షరాలకు సరిపోతుంది. క్ష్మీని ఏడు ఇంచీల్లో ఇరికిస్తే దాంట్లో ష ఒత్తు, మ ఒత్తు రెండూ కలిసి దూరానికి నల్లటి ముద్దలా కనపడతాయి. చదవాల్సిన అతి చిన్న భాగం ఒత్తు కాబట్టి, ఏడు ఇంచీల లెక్కను ఒత్తుకు పెట్టుకోవాలి. అందుకే ఒత్తులకు ఎనిమిది, పై అక్షరానికి పన్నెండు.

ఇంకో చిక్కు. వేలెడు వెడల్పు కూడా లేని గీత లోపల ఎల్ఈడీ మాడ్యూల్ పట్టదు. మన ఊళ్లో రాత్రిపూట బోర్డులు చూసుకుంటూ పోండి. పై అక్షరాలు వెలుగుతుంటాయి, ఒత్తులు చీకట్లో ఉంటాయి. "లక్ష్మీ" కాస్తా "లకీ" అవుతుంది. (నవ్వులు) నేను ఒత్తులను కొంచెం కుడివైపుకు జరిపి, గీతను లావు చేసి గీశాను. ఫాంట్లో ఉన్నది ఉన్నట్టు పెట్టేస్తే ఇది కుదరదు. ఈ గీత పని కోసమే ఫీజు అడుగుతున్నానని అదే పేజీ కింద రాశాను. "లోగో డిజైన్" అని రాసి ఎదురుగా అంకె పెడితే ఆయనకు ఏం అర్థమవుతుంది? లక్ష్మీ రాత్రిపూట కూడా లక్ష్మీగానే కనపడాలంటే ఈ పని కావాలి అంటే మాత్రం అర్థమవుతుంది.

ఫైల్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. బోర్డు షాపులో కోరల్‌డ్రా ఉంటుంది, మీ ఫాంట్ ఉండదు. మీరు గీసింది అక్కడ తెరిస్తే ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చేస్తాయి. పేరును కర్వ్స్‌గా మార్చే ఇవ్వండి. మెనూ మాత్రం కర్వ్స్‌లో ఇవ్వకండి, రేటు మారిన ప్రతిసారీ ఆయన మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది. మెనూకు నేను మండలి, రామభద్ర వాడాను. రెండూ యూనికోడ్, రెండూ స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో వచ్చినవి. ఆ అబ్బాయే ఇంట్లో రేట్లు మార్చుకుంటున్నాడు.

బిల్లు సంగతి చూద్దాం. కౌంటర్లో ఉండే థర్మల్ ప్రింటర్ మూడు ఇంచీల రోలుది. దాని తలకు అడ్డంగా 576 చుక్కలు ఉంటాయి. చుక్క నల్లగా పడుతుంది, లేదా పడదు. బూడిద రంగు అనేదే లేదు. నా మొదటి డెక్‌లోని లోగోకు బంగారు షేడింగు ఉంది కదా, దాన్ని వాళ్ల ప్రింటర్లోనే వేసి చూశాను. మసి గుడ్డతో తుడిచినట్టు వచ్చింది. కొత్తదాన్ని కూడా వేశాను, శుభ్రంగా వచ్చింది. ఆ రెండు బిల్లులను ప్రపోజల్ ఐదో పేజీకి పిన్ను కొట్టాను. కాఫీ కప్పు ఫొటోల బదులు ఇదన్నమాట. అదే బిల్లు మీద పద్నాలుగు అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు లేదని కూడా అప్పుడే కనపడింది. 2022 జనవరి నుంచి అది బిల్లు మీద ఉండాల్సిందే. నేను ఊరికే చూపించాను, ఆ రోజే వేయించుకున్నారు. దానికి ఫీజు ఏమీ లేదు, కానీ ఈ అమ్మాయి మన బిల్లు చదివింది అన్న నమ్మకం ఆయనకు కలిగింది.

కవర్ల ప్రశ్నకు జవాబు స్టోర్ రూమ్‌లో దొరికింది. కట్టలు లెక్కపెడితే పాత కవర్లు సుమారు తొమ్మిది వేలు ఉన్నాయి. రోజుకు నూట యాభై పోతాయి. అంటే రెండు నెలల సరుకు. కాబట్టి అన్నీ ఒకే రోజు మార్చే కార్యక్రమం పెట్టుకోలేదు. మొదటి వారంలో మ్యాప్స్, యాప్‌లు, బిల్లు, వీటికి ప్రింటింగ్ ఖర్చే లేదు. నెల తిరిగేసరికి బోర్డు. పాత కవర్లు అయిపోయినప్పుడు కొత్త కవర్లు. టీషర్టు చినిగినప్పుడు కొత్త టీషర్టు. రెండు నెలలు పాత కవరు, కొత్త బోర్డు కలిసి ఉంటే మనలాంటివాళ్లకు కంపరంగా ఉంటుంది. కస్టమర్‌కు ఏమీ ఉండదు. రెండూ ఎర్రవే కదా.

డబ్బు పేజీ. నా ఫీజు అరవై వేలు. బోర్డు అక్షరాలు 27,000, వెనక పలక, ఫ్రేము, బిగింపు 35,000, కలిపి అరవై రెండు వేలు. మెనూ కార్డులు ఎనిమిది వేలు. కవర్లకు కొత్త బ్లాకు నాలుగు వేలు. కవర్ల ధర వేయలేదు, అది ఆయన ఎట్లా ఉన్నా కొనేదే. మొత్తం లక్షా ముప్పై నాలుగు వేలు. చూశారా, నా ఫీజు సగం కంటే తక్కువ. మొదటి డెక్‌లో "అరవై వేలు" అని ఒక్కటే రాశాను. అందులోనే బోర్డు కూడా వస్తుందని ఆయన అనుకున్నాడు. రాదని తెలిసిన క్షణం నేను ఆయన కళ్లలో దొంగనయ్యాను. ఇప్పుడు పెద్ద అంకెనే ముందు పెట్టాను. బోర్డు డబ్బులు బోర్డు ఆయనకు మీరే నేరుగా ఇవ్వండి, నాకు మధ్యలో కమీషన్ లేదు అని రాశాను. కమీషన్ తీసుకోవడం తప్పు అని నేను చెప్పను, మనలో చాలామంది తీసుకుంటారు. తీసుకుంటే చెప్పి తీసుకోండి. చిన్న ఊరు, బోర్డు ఆయన, హోటలాయన ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు.

జీఎస్టీ గురించి మనవాళ్లు ఒక తప్పు రాస్తుంటారు. "18 శాతం అదనం, మీరు తిరిగి క్లెయిమ్ చేసుకోవచ్చు" అని. ఇలాంటి హోటళ్లు 5 శాతం పన్ను కడతాయి, దానికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే మనకిచ్చే 18 శాతం ఆయనకు తిరిగి రాదు, పోయినట్టే. అరవై వేల మీద పదివేల ఎనిమిది వందలు. మళ్లీ అదే అంకె, నేను కావాలని పెట్టలేదు. నా ఏడాది ఆదాయం ఇరవై లక్షల లోపే కాబట్టి నాకు రిజిస్ట్రేషన్ లేదు, జీఎస్టీ వేయను, వేయకూడదు కూడా. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే పన్ను కలిపిన అంకెనే చూపించండి. ఆయన ఆడిటర్ ఎట్లాగూ చెప్తాడు.

ఆయన ఎక్కువసేపు ఆగింది పదో పేజీ దగ్గర. హక్కుల పేజీ అది. మన కాపీరైట్ చట్టం ప్రకారం, ఫ్రీలాన్సర్ గీసిన లోగో మీద హక్కు ముందు గీసినవాళ్లదే. డబ్బులిచ్చినంత మాత్రాన ఓనర్‌కు మారదు, రాతపూర్వకంగా సంతకంతో రాసివ్వాలి. ఆ రాతలో ఎంతకాలమో చెప్పకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడో చెప్పకపోతే భారతదేశం వరకే అని అర్థం. ఇది చదివించగానే, "అదేందమ్మా, దుడ్లిచ్చినాక కూడా నీదేనా?" అన్నాడు. అప్పటిదాకా పాప, ఇప్పుడు అమ్మ. (నవ్వులు) అందుకే ఈ పేజీ పెట్టానన్నా, చివరి కంతు ముట్టిన రోజు పూర్తి కాలానికి, అన్నిచోట్లకూ మీ పేరున రాసిస్తాను అన్నాను. చివరి కంతు ఎగ్గొట్టకుండా నాకూ అదే కాపు, ఆ మాట కూడా దాచలేదు. కంతులు 24,000, 18,000, 18,000. మార్పులు రెండు విడతలు. మూడో విడత నుంచి విడతకు మూడు వేలు.

ట్రేడ్‌మార్క్ గురించి ఆయనే అడిగాడు. హోటళ్లది 43వ తరగతి, చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 4,500. కానీ లక్ష్మీ అనే పేరు ఇంకెవరూ పెట్టుకోకుండా ఆపడం జరిగే పని కాదు, దొరికితే ఈ గీసిన రూపానికే రక్షణ దొరుకుతుంది, లాయర్‌ను అడిగి వేయండి అన్నాను. అది నా పని కాదని కూడా రాసి ఉంది.

ఆ రోజు నేను కాగితాలు చేతికిచ్చి, పక్క బల్ల దగ్గర కూర్చుని ఉగ్గాని తిన్నాను. ఆయన వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. తిప్పుతూ బాల్‌పెన్నుతో రెండు చోట్ల కొట్టేశాడు. మెనూలో వంటకాల ఫొటోలు వద్దన్నాడు, "ఫొటోలో ఉన్నట్టు లేదని కొట్లాడతారు." అది నిజమే, తీసేశాను. దాని బదులు పెళ్లిళ్ల క్యాటరింగ్ కార్డు కావాలన్నాడు. మార్జిన్‌లో రాసి, ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాం. అడ్వాన్సు అమావాస్య పోయినాక ఇస్తానన్నాడు. అమావాస్య పోయిన మూడో రోజు ఇచ్చాడు.

పని అంతా సాఫీగా జరగలేదు. మ్యాప్స్‌లోని రెండో లిస్టింగు తీయించడానికి నేను వారం అనుకున్నాను, నెలకు పైగా పట్టింది. ఈ ప్రపోజల్‌లో నేను తప్పు రాసిన గడువు అదొక్కటే, అది మన చేతిలో లేని పని. ఇప్పుడైతే అలాంటివాటికి తేదీ వేయను, దరఖాస్తు ఏ రోజు పెడతానో మాత్రం రాస్తాను.

బోర్డు ఎక్కించిన రోజు పాత ఫ్లెక్సు దించారు. నేను దాన్ని గుర్తుగా అడుగుదామనుకుంటూ ఉండగానే వంటాయన మడతపెట్టుకుని వెనక్కి తీసుకుపోయాడు. ఇప్పుడది పెరట్లో కట్టెల మీద కప్పి ఉంది. పోయిన వారం పోయి చూశాను. అక్షరాలు ఇంకా బాగానే ఉన్నాయి, ఒత్తులతో సహా.

ఇంక మీరు అడగండి.